షూటింగ్‌లో ఫోన్ చార్జింగ్: పాటించకూడని సలహాలు

ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ జరిగే ఏ బంగళాకి వెళ్లినా జనరేటర్ వ్యాన్ నుంచి లాగిన వైరు చివర ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని చుట్టూ అరడజను ఫోన్లు కనిపిస్తాయి. అసిస్టెంట్ డైరెక్టర్లవి, కాస్ట్యూమ్స్ వాళ్లవి, మేకప్ వాళ్లవి. లంచ్ బ్రేక్‌లో అక్కడ కాసేపు నిలబడితే ఒకే రకం ఫిర్యాదులు చెవిన పడతాయి. ఇందాక గంటలో ఫుల్ అవుతుందన్న ఫోన్ ఇప్పుడు రెండున్నర గంటలంటోంది. 83 దగ్గరున్నది చూస్తుండగానే 100 అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే ఊరికే తొమ్మిది శాతం పెరిగింది. ఆ వెంటనే పక్కనున్నవాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో చాలా సలహాలు పనికిరానివి, కొన్ని బ్యాటరీకి చేటు చేసేవి. రేపటి కాల్‌షీట్ కబురు కోసం ఫోన్ పట్టుకుని కూర్చునే కృష్ణానగర్ కుర్రాళ్లు ఈ సలహాలు నమ్మి డబ్బులు పోగొట్టుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. అందుకే తరచూ వినిపించేవాటిని తీసుకుని, ఎక్కడ తప్పుతున్నాయో చెబుతాను.

ముందు ఆ శాతం అంకె ఎక్కడినుంచి వస్తుందో తెలియాలి. బ్యాటరీలో ఎంత చార్జ్ ఉందో నేరుగా కొలిచే సాధనం ఫోన్‌లో లేదు. లోపల ఫ్యూయల్ గేజ్ అనే చిన్న చిప్ ఉంటుంది. అది రెండు పద్ధతుల్లో అంచనా వేస్తుంది. మొదటిది లెక్కపెట్టడం: బ్యాటరీలోకి ఎంత కరెంటు పోయింది, బయటికి ఎంత వచ్చింది అని నిమిషనిమిషం కూడుతూ తీసేస్తూ ఉంటుంది. రెండోది వోల్టేజి చూసి చెప్పడం: బ్యాటరీ నిండుగా ఉంటే 4.4 వోల్టుల దరిదాపుల్లో, ఖాళీ అయ్యేసరికి మూడున్నర లోపుకి వస్తుంది కాబట్టి, వోల్టేజిని బట్టి శాతం ఊహించవచ్చు.

సినిమా హాల్లో ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి కూడా ఇలాంటి రెండు దారులే ఉంటాయి. గేటు దగ్గర మనిషి వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ లెక్కపెడుతూ ఉండొచ్చు. లేదా ఇంకొకరు బాల్కనీలోంచి ఒకసారి హాలంతా చూసి చెప్పొచ్చు. గేటు మనిషి లెక్కలో చిన్న చిన్న పొరపాట్లు పేరుకుపోతాయి. బాల్కనీ మనిషి చూపు నిజం కావాలంటే జనం సీట్లలో కుదురుగా కూర్చుని ఉండాలి. అందరూ లేచి తిరుగుతుంటే అతను చెప్పే అంకె నమ్మలేం.

గేటు లెక్కలో పొరపాటు ఎంత ఉంటుందో ఒకసారి వేసి చూద్దాం. కరెంటు కొలవడానికి బ్యాటరీ దారిలో చాలా చిన్న రెసిస్టర్ పెడతారు, 10 మిల్లీఓమ్‌లు అనుకుందాం. అందులోంచి 3 ఆంపియర్లు పోతే దాని రెండు కొసల మధ్య పుట్టే వోల్టేజి 30 మిల్లీవోల్టులు మాత్రమే. చిప్ ఆ వోల్టేజిని చదివి కరెంటు ఎంతో చెబుతుంది. చదవడంలో 10 మైక్రోవోల్టులు తప్పినా లెక్క 1 మిల్లీఆంపియర్ మేర పక్కకి పోతుంది. రోజుకి 24 మిల్లీఆంపియర్ అవర్లు, వారానికి 168. మీది 5000 mAh బ్యాటరీ అయితే వారంలో మూడు శాతం పైచిలుకు తేడా వస్తుందన్నమాట. నెలరోజులు సరిదిద్దకుండా వదిలేస్తే ఇది రెండంకెల్లోకి పోతుంది.

మరి సరిదిద్దేదెప్పుడు? ఫోన్ విశ్రాంతిగా ఉన్నప్పుడు. వోల్టేజి చూసే పద్ధతి అప్పుడే పనిచేస్తుంది. చార్జింగ్‌లో ఉండగా బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ వల్ల వోల్టేజి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, వాడుతుండగా తక్కువ కనిపిస్తుంది. లోపలి రెసిస్టెన్స్ 0.1 ఓమ్ అనుకుంటే 3 ఆంపియర్లు ఎక్కుతున్నప్పుడు 0.3 వోల్టు ఎక్కువగా చూపిస్తుంది. బ్యాటరీ సగం నిండిన చోట పది శాతానికి మారే వోల్టేజి ఇంచుమించు 0.05 మాత్రమే. అంటే కరెంటు పారుతున్నంతసేపూ వోల్టేజిని మాత్రమే నమ్మితే శాతం ఎక్కడికో కొట్టుకుపోతుంది. అందుకే గేజ్ చిప్ ఫోన్ తెర వెలగకుండా, చార్జర్ లేకుండా గంటో రెండు గంటలో పడి ఉండే సమయం కోసం చూస్తుంది. అప్పుడు వోల్టేజి స్థిరపడుతుంది, దాన్ని చూసి లెక్కని సరిచేసుకుంటుంది.

షూటింగ్‌లో ఉండేవాళ్ల ఫోన్లలో అంకెలు ఎందుకు అంతగా గెంతుతాయో ఇక్కడే తెలిసిపోతుంది. తెల్లవారుజామున కాల్‌టైమ్, రాత్రి ప్యాకప్ దాకా వాట్సాప్ గ్రూపులు, హాట్‌స్పాట్, దొరికిన చోట పది నిమిషాల చార్జింగ్, గదికి వెళ్లాక తెల్లారేదాకా చార్జర్‌కే. ఆ ఫోన్‌కి విశ్రాంతి అనేదే ఉండదు. లెక్క తప్పుతూ పోతుంది, సరిదిద్దుకునే వేళ రాదు. ఎప్పుడో ఒకసారి వచ్చినప్పుడు ఇన్నాళ్ల తేడా ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇక సలహాలు.

“టైమ్ పెరిగిపోతోందా, పిన్ను పీకి మళ్లీ పెట్టన్నా.” ఇది అందరికంటే ముందు వచ్చే సలహా. ఇది ఎందుకు చేయకూడదో చెప్పాలంటే ఆ టైమ్ ఎలా పుడుతుందో ఒక మధ్యాహ్నం వెంట నడిచి చూడాలి.

ఒక అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్ 5000 mAh, ఒంటిగంటకి 18 శాతం దగ్గర బోర్డుకి పెట్టాడనుకోండి. బ్యాటరీలోకి 3 ఆంపియర్లు పోతున్నాయి. పావుగంటలో 750 mAh ఎక్కుతుంది, అంటే 15 శాతం. అంకె 33కి వచ్చింది. ఇంకా ఎక్కాల్సింది 3350. దాన్ని 3 ఆంపియర్లతో భాగిస్తే 67 నిమిషాలు. తెర మీద ‘1 గంట 7 నిమిషాలు’ అని వస్తుంది. ఇంతలో కో-డైరెక్టర్ లాప్‌టాప్‌కి నెట్ కావాలంటే హాట్‌స్పాట్ ఆన్ చేశాడు, బ్రైట్‌నెస్ పెంచి సీన్ పేపర్ చదువుతున్నాడు. ఆ పనులు 0.8 ఆంపియర్ తినేస్తాయి. చార్జర్ ఇచ్చేది అంతే, కానీ బ్యాటరీకి దక్కేది 2.2. అదే 3350ని ఇప్పుడు 2.2తో భాగిస్తే గంటా ముప్పై ఒక్క నిమిషాలు. బ్యాటరీలో ఏమీ తగ్గలేదు, టైమ్ మాత్రం 24 నిమిషాలు పెరిగింది.

ఇంకో పావుగంట గడిచింది. 550 ఎక్కి 44 శాతం అయింది. ఆ బోర్డు పెట్టిన ఇనప పెట్టె మీదికి ఎండ వచ్చింది. మే నెల ఎండలో ఆ ఇనుము ఎలా కాలుతుందో జూబ్లీహిల్స్‌లో అవుట్‌డోర్ చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బ్యాటరీ వేడి 45 డిగ్రీల దాకా పోయేసరికి ఫోన్ తనంతట తానే కరెంటు తగ్గిస్తుంది, కొన్ని ఫోన్లు ఆపేస్తాయి కూడా. 1 ఆంపియర్‌కి దించిందనుకుంటే మిగిలిన 2800కి 2 గంటల 48 నిమిషాలు చూపిస్తుంది. ఎవరో చూసి ఫోన్‌ని నీడలోకి జరిపారు, హాట్‌స్పాట్ కూడా ఆపారు. చల్లబడి మళ్లీ 3 ఆంపియర్లకి వచ్చాక అదే లెక్క గంటలోపుకి దిగిపోతుంది. ఒక్క లంచ్ బ్రేక్‌లో 1:07, 1:31, 2:48, గంటలోపు. ప్రతి అంకే ఆ క్షణానికి సరైనదే. ఇప్పుడున్న వేగమే చివరిదాకా ఉంటే ఎంతసేపు పడుతుంది అనేదే ఆ అంకె చెప్పే మాట. వేగం మారితే మాట మారుతుంది.

ఆ ‘గంటలోపు’ కూడా నిజం కాదు. లిథియం-అయాన్ బ్యాటరీని చివరిదాకా ఒకే కరెంటుతో నింపరు. మొదట స్థిరమైన కరెంటు ఇస్తారు. వోల్టేజి పై హద్దుని తాకగానే అక్కడ ఆపి ఉంచి, కరెంటుని మెల్లమెల్లగా తగ్గనిస్తారు. చాలా ఫోన్లలో ఇది 80 శాతానికి అటూ ఇటూ మొదలవుతుంది. 3 ఆంపియర్లు 2 అవుతాయి, 1 అవుతుంది, పావు ఆంపియర్‌కి చేరేసరికి నిండిందని ఆపేస్తుంది. చివరి ఐదారు శాతం ముందటి ఇరవై శాతమంత సేపు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. ఈ వంపుని ముందే లెక్కలోకి తీసుకునే ఫోన్ల అంచనా కొంత కుదురుగా ఉంటుంది. తీసుకోని ఫోన్‌లో ‘12 నిమిషాలు’ అన్నది అరగంటైనా ‘12 నిమిషాలు’ గానే ఉండిపోతుంది.

ఇప్పుడు పిన్ను పీకే సంగతి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఈ టైమ్ తెర మీద కనిపిస్తోంది. అక్కడ వాడిన పద్ధతి ఏమిటంటే, చార్జర్ పెట్టినప్పటినుంచి ఒక్కో శాతం ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో గుర్తుపెట్టుకుని, ఆ సగటుని మిగిలిన శాతాలతో గుణించడం. చార్జర్ పెట్టగానే టైమ్ రాకుండా ఒకటి రెండు శాతాలు ఎక్కాక రావడం గమనించే ఉంటారు. పీకి పెడితే ఆ జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోతుంది, అంచనా మళ్లీ మొదటినుంచి. పైగా చార్జర్‌తో ఫోన్ మాట్లాడుకుని ఎంత వోల్టేజి, ఎంత కరెంటు అని తేల్చుకోవడం మళ్లీ జరగాలి. ఆ కాసేపు తక్కువ కరెంటే వస్తుంది. పీకి పెట్టాక కనిపించే టైమ్ తక్కువగా ఉంటే అది ఒకటి రెండు శాతాల మీద వేసిన పచ్చి అంచనా. పీకడం వల్ల లాభం ఉండేది ఒక్కచోటే: తెర మీద ‘Charging slowly’ అని ఉండి, నిన్న అదే చార్జర్‌తో ‘Charging rapidly’ అని వచ్చి ఉంటే. అప్పుడు పిన్ను సరిగ్గా కూర్చోలేదనో కేబుల్ పాడైందనో అనుమానించాలి. సన్నటి, పొడుగాటి కేబుల్‌లో వోల్టేజి దారిలోనే పడిపోతుంది. అది చూసి ఫోన్ తాను లాగే కరెంటుని తగ్గించుకుంటుంది, కాసేపయ్యాక మళ్లీ పెంచి చూస్తుంది. నీడలో ఉన్నా, వాడకపోయినా టైమ్ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి.

“జీరోకి దించేసి హండ్రెడ్‌కి ఎక్కించు, సెట్ అయిపోతుంది.” ఈ సలహా ఇచ్చేవాళ్లలో మంచి టెక్నీషియన్లు కూడా ఉంటారు, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. గేజ్‌కి బ్యాటరీ పూర్తి సామర్థ్యం ఎంతో తెలియాలి. రెండేళ్లు వాడాక 5000 mAh బ్యాటరీ 4100 మాత్రమే పట్టుకుంటోందనుకోండి. గేజ్ ఇంకా 5000 అనే నమ్ముతుంటే, ఖాళీ నుంచి ఎక్కిస్తున్నప్పుడు 4100 ఎక్కేసరికి దాని లెక్కలో 82 శాతం. కానీ అప్పటికి కరెంటు పూర్తిగా తగ్గి, నిండిన గుర్తు వచ్చేసింది. అందుకే 82 నుంచి 100కి గెంతుతుంది. దిగేటప్పుడు దీనికి తిరగబడి జరుగుతుంది: 100 నుంచి 4100 వాడేసరికి అంకె 18 చూపిస్తూ ఉండగానే ఫోన్ ఆరిపోతుంది. నిజానికి చిప్ కొంత కొంత నేర్చుకుంటూ వస్తుంది కాబట్టి గెంతు ఇంత పెద్దగా ఉండకపోవచ్చు, కానీ జరిగేది ఇదే.

సలహా తప్పేది రెండు చోట్ల. జీరోకి దించడం అవసరం లేదు, బ్యాటరీని పూర్తిగా ఎండగట్టడం దానికి హాని. రోజూ చేయమనడం మరీ తప్పు. గేజ్‌కి కావలసింది విశ్రాంతి. రెండు మూడు నెలలకి ఒకసారి, షూటింగ్ లేని రోజు చూసుకుని, ఫోన్‌ని పది పదిహేను శాతం దాకా వాడండి. డేటా, వైఫై ఆపేసి రెండు మూడు గంటలు పక్కన పెట్టండి. ఆ తర్వాత మధ్యలో ముట్టుకోకుండా 100 దాకా ఎక్కించి, 100 అయ్యాక కూడా ఇంకో అరగంట చార్జర్‌కే ఉంచండి. చివర పీకాక మళ్లీ ఓ గంట వదిలేయండి. కింద ఒక విశ్రాంతి, పైన ఒక విశ్రాంతి, మధ్యలో తెగని లెక్క. సామర్థ్యం ఎంతో నేర్చుకోవడానికి చిప్‌కి ఇవి చాలు.

100 అయ్యాక అరగంట ఎందుకంటే, ఆ 100 కూడా దిద్దిన అంకే. లెక్కలో ఉన్నది ఉన్నట్టు చూపిస్తే అంకె వెనక్కీ ముందుకీ ఆడుతుందని, ఫోన్ దాన్ని నునుపు చేసి చూపిస్తుంది. చార్జింగ్‌లో ఉండగా అంకె తగ్గకుండా చూస్తారు. లెక్క ముందే 100కి వచ్చేసి కరెంటు ఇంకా పోతుంటే 99 దగ్గర ఆపి ఉంచేస్తారు. లెక్క వెనకబడి నిండిన గుర్తు ముందే వస్తే 96, 97ల నుంచి గబగబా పైకి లాగేస్తారు. 99 దగ్గర ఇరవై నిమిషాలు నిలబడిందని చార్జర్ పాడైందనుకోవద్దు.

“రీస్టార్ట్ చెయ్, చార్జింగ్ పెరుగుతుంది.” పెరగదు. రీస్టార్ట్ అయినప్పుడు కొన్ని ఫోన్లు ఆ క్షణపు వోల్టేజిని చూసి శాతాన్ని కొత్తగా నిర్ణయిస్తాయి. అప్పటిదాకా నునుపు చేసి చూపించిన అంకె పోయి లోపలి అంకె బయటపడుతుంది. తొమ్మిది శాతం పెరిగినట్టు కనిపిస్తే ఆ తొమ్మిదీ బ్యాటరీలో ముందునుంచీ ఉన్నదే కావచ్చు, లేదా అప్పుడే చార్జర్ నుంచి పీకడం వల్ల వోల్టేజి ఎక్కువగా కనిపించి పొరపాటు పడి ఉండొచ్చు. రెండోదైతే గంటలో ఆ తొమ్మిదీ గబగబా దిగిపోతుంది. తేల్చుకోవడానికి మంచి గుర్తు అదే. అర్జెంటుగా రాపిడో బుక్ చేసుకుని ఇల్లు చేరాల్సిన రాత్రి రీస్టార్ట్ తర్వాతి అంకెని నమ్ముకోవద్దు.

రీస్టార్ట్ చేయగానే అంకె మారడానికి పూర్తిగా వేరే కారణం కూడా ఒకటుంది. 2016 జనవరిలో ఐఫోన్ 6ఎస్, 6ఎస్ ప్లస్‌ల విషయంలో ఆపిల్ ఒక లోపాన్ని ఒప్పుకుంది. ఫోన్‌లో టైమ్ చేత్తో మార్చినా, వేరే టైమ్ జోన్ ఉన్న దేశానికి వెళ్లినా బ్యాటరీ శాతం కదలకుండా ఉండిపోయేది. పాటల షూటింగ్‌కి విదేశాలకి వెళ్లే యూనిట్లకి ఎదురయ్యే పరిస్థితే ఇది. రీస్టార్ట్ చేసి, టైమ్‌ని ఆటోమేటిక్‌గా సెట్ అయ్యేలా పెట్టుకోమని అప్పట్లో సూచించారు. అంకె బిగుసుకుపోయినప్పుడు రీస్టార్ట్ పనికొస్తుంది. చార్జింగ్ పెంచడానికి కాదు.

“ఐస్‌బాక్స్ మీద పెట్టు, చల్లబడి స్పీడుగా ఎక్కుతుంది.” ప్రొడక్షన్ వాళ్ల కూల్‌డ్రింక్ డబ్బాలో ఐస్ ముక్కల మధ్య ఫోన్ పెట్టడం, కారవాన్‌లో ఏసీ గాలి వచ్చే రంధ్రానికి ఆనించడం, ఈ రెండూ మానేయండి. వేడి తగ్గితే కరెంటు పెరుగుతుందన్న మాట నిజమే, కానీ మరీ చల్లబడితే బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. వోల్టేజి తొందరగా పై హద్దుని తాకుతుంది, కరెంటు ముందే తగ్గడం మొదలవుతుంది. ఎక్కడం నెమ్మదిస్తుంది, టైమ్ ఇంకా తారుమారవుతుంది. మంచు చల్లదనంలో వేగంగా చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంలా పేరుకునే ప్రమాదం కూడా ఉంది, అది తిరిగి బాగయ్యేది కాదు. అన్నిటికంటే ముందు, చల్లటి ఫోన్‌ని బయటి వేడిలోకి తీయగానే లోపలా బయటా తేమ పడుతుంది. కవర్ తీసేసి, నీడలో, చెక్క బల్ల మీద పెడితే చాలు.

ఎక్కువ వాట్ల చార్జర్ కొంటే టైమ్ కుదురుతుందన్న సలహా గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఫోన్ తనకి చేతనైనంతే తీసుకుంటుంది. వేగంగా ఎక్కినప్పుడు వేడెక్కి తగ్గించుకోవడం కూడా ఎక్కువే కాబట్టి అంకె మరింత ఊగుతుంది.

“బ్యాటరీ పోయింది, మార్చేయ్.” అన్నిటికంటే ఎక్కువ డబ్బు ఖర్చయ్యే సలహా ఇదే కాబట్టి దీనిమీద కొంచెం నిలబడాలి. అంకె గెంతినంత మాత్రాన బ్యాటరీ పోయినట్టు కాదు. 2021లో ఐఓఎస్ 14.5తో పాటు ఐఫోన్ 11 ఫోన్లలో బ్యాటరీ ఆరోగ్యాన్ని తప్పుగా అంచనా వేస్తున్న లోపాన్ని సరిచేసే ఏర్పాటు ఆపిల్ పెట్టింది. అది పూర్తవడానికి కొన్ని వారాలు పడుతుందని కూడా చెప్పింది. తప్పు అంచనాలో ఉందా బ్యాటరీలో ఉందా అని తేల్చుకోవడానికి ఫోన్ తయారుచేసిన కంపెనీకే వారాలు కావాల్సి వస్తే, షాపు కౌంటర్ దగ్గర ఐదు నిమిషాల్లో తేలుస్తామనడం ఎలా నమ్మాలి?

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే లాప్‌టాప్ ఉన్న స్నేహితుడి సాయంతో మీరే చూసుకోవచ్చు. డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ఈ ఆదేశం ఇవ్వాలి:

```
adb shell dumpsys battery
```

వచ్చిన వరుసల్లో `level` అంటే తెర మీది శాతం. `temperature` పదో వంతు డిగ్రీల్లో ఉంటుంది, 412 అంటే 41.2 డిగ్రీలు. `Charge counter` అనేది గేజ్ లెక్కలో ఇప్పుడు బ్యాటరీలో ఉన్న చార్జ్, మైక్రోఆంపియర్ అవర్లలో. ఇది కొన్ని ఫోన్లు సరిగ్గా ఇవ్వవు. ఇచ్చే ఫోన్‌లో, పైన చెప్పినట్టు విశ్రాంతులతో 100 దాకా ఎక్కించాక చూడండి. 5000 ఫోన్‌లో 4600000 లాంటిది వస్తే బ్యాటరీ బాగానే ఉంది, గెంతులు లెక్క తప్పడం వల్లే. 3700000 దగ్గరుంటే నిజంగా అరిగిపోయింది.

ఈ ఆదేశం జోలికి పోలేనివాళ్లకి ఇంకో గుర్తు. విశ్రాంతి ఇచ్చి చక్కదిద్దాక కూడా ఇరవై, ముప్పై శాతం చూపిస్తూ, కెమెరా తెరవగానే ఫోన్ ఆరిపోతోందంటే లోపలి రెసిస్టెన్స్ బాగా పెరిగింది. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజి కుప్పకూలుతోంది. ఆ బ్యాటరీ మార్చాల్సిందే. వెనక మూత పైకి లేచినట్టున్నా, తెర అంచు దగ్గర సందు కనిపించినా శాతంతో పనిలేదు, ఆ రోజే చార్జింగ్ ఆపేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. మార్చిన తర్వాత మొదటి వారంలో అంకె మళ్లీ గెంతుతుంది, కొత్త బ్యాటరీ సామర్థ్యాన్ని చిప్ ఇంకా నేర్చుకోలేదు. అప్పుడు షాపువాళ్లతో గొడవకి దిగేముందు ఒక సెలవురోజు చూసుకుని ఫోన్‌కి పైనా కిందా విశ్రాంతి ఇచ్చి చూడండి.